‘వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’.. హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ పోతే ఆ బోర్డు చెల్లుతుందా?

లాడ్జి రిసెప్షన్‌లోనో, హాస్టల్ మెట్ల దగ్గరో ఈ బోర్డు తరచూ కనిపిస్తుంది. గదిలో ఏదైనా పోయిందని అడిగితే మేనేజర్ కూడా మొదట దాన్నే చూపిస్తారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. అయితే చట్టం ఆ బోర్డు దగ్గర ఆగదు. సుప్రీంకోర్టు 2019లో ఇచ్చిన ఓ తీర్పు ఈ విషయంలో దారి చూపింది.

కారు కేసు ఏం చెప్పింది?

1998 ఆగస్టు 1 రాత్రి ఓ వ్యక్తి దిల్లీలోని తాజ్‌మహల్ హోటల్‌కు మారుతి జెన్ కారులో వెళ్లి, పార్కింగ్ కోసం తాళాలను హోటల్ సిబ్బందికి ఇచ్చారు. తిరిగి వచ్చేసరికి కారు లేదు. ఎవరో తాళాలు చేజిక్కించుకుని దాన్ని నడుపుకుంటూ వెళ్లిపోయారు. పార్కింగ్ చీటీ మీద మాత్రం ‘వాహన యజమాని సొంత బాధ్యతపైనే’ అని రాసి ఉంది.

హోటల్ ఆ చీటీనే ఆధారంగా చూపింది. 2019 నవంబర్ 14న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. వాహనాన్ని, తాళాలను సిబ్బందికి అప్పగించిన తర్వాత దాన్ని భద్రంగా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత హోటల్‌దేనని చెప్పింది. తమ నిర్లక్ష్యం లేదని ముందు హోటలే నిరూపించుకోవాలి. ఆ తర్వాతే చీటీ మీద ఉన్న షరతు గురించి మాట్లాడాలి. తన నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం నుంచి ఒక్క షరతు రాసి తప్పించుకోవడం కుదరదన్నది ఈ తీర్పు సారాంశం.

ఇంగ్లండ్ పాత సంప్రదాయంలో అతిథి వస్తువు పోతే సత్రం యజమానిది దాదాపు బీమా కంపెనీ లాంటి బాధ్యత. తప్పున్నా లేకున్నా కట్టాల్సిందే. మన సుప్రీంకోర్టు అంత దూరం వెళ్లలేదు. హోటల్ తగిన జాగ్రత్త తీసుకున్నట్లు రుజువు చేసుకుంటే బయటపడే అవకాశం ఉంచింది.

గదిలో వస్తువుకూ ఇదే వర్తిస్తుందా?

పూర్తిగా కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కారు కేసులో వస్తువును హోటల్ చేతికి ఇచ్చారు. ఇలా అప్పగించిన వస్తువును మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని భారత కాంట్రాక్టు చట్టంలోని 151వ సెక్షన్ చెబుతోంది. రిసెప్షన్‌లో రసీదు తీసుకుని ఇచ్చిన నగలకు, క్లోక్‌రూమ్‌లో పెట్టిన బ్యాగుకు ఇదే లెక్క.

గదిలో మీరు టేబుల్ మీద పెట్టుకున్న ల్యాప్‌టాప్‌ను ఎవరికీ అప్పగించలేదు. కాబట్టి ఇక్కడ వినియోగదారుల రక్షణ చట్టం-2019 అక్కరకొస్తుంది. సేవ అందించేవారి నిర్లక్ష్యం వల్ల వినియోగదారుకు నష్టం జరిగితే అది సేవాలోపమని ఆ చట్టం అంటోంది. అద్దె తీసుకుని గది ఇవ్వడమంటే మంచం, ఫ్యాన్ ఇవ్వడం మాత్రమే కాదు, గది భద్రత కూడా అందులో భాగమేనని మీరు వాదించవచ్చు. కానీ నిర్లక్ష్యం ఎక్కడ జరిగిందో చూపించే పని చాలావరకు మీదే.

ఇంకో పరిమితి కూడా ఉంది. డబ్బు తీసుకోకుండా ఇచ్చిన సేవ ఈ చట్టం కిందకు రాదు. ఉచిత సత్రంలో బస చేసినప్పుడు వస్తువు పోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కష్టం.

ఓ ఉదాహరణ చూద్దాం

పొన్నూరుకు చెందిన ఓ యువకుడు కోచింగ్ కోసం హైదరాబాద్‌లో నెలకు రూ.6,500 కట్టి ప్రైవేటు హాస్టల్‌లో ఉన్నాడనుకుందాం. ఒకరోజు క్లాసుకు వెళ్లి వచ్చేసరికి రూ.52,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ లేదు. తలుపు తాళం వేసినట్లే ఉంది, పగలగొట్టలేదు.

ఇలాంటి కేసులో ఆ తాళమే ముఖ్యమైన ఆధారం. తాళం పగలలేదంటే ఎవరో తాళంచెవితో తెరిచి ఉండాలి. డూప్లికేట్ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? గదులు ఊడ్చేవారు దాన్ని తీసుకున్నప్పుడు రిజిస్టర్‌లో రాస్తారా? బయటివారు లోపలికి వస్తే పేరు నమోదు చేస్తారా? వరండాలోని సీసీ కెమెరా పనిచేస్తోందా? డూప్లికేట్ తాళంచెవి రిసెప్షన్‌లో అందరికీ అందేలా మేకుకు వేలాడుతూ, కెమెరా కొన్ని నెలలుగా పాడై ఉంటే అతడి కేసు బలంగా నిలుస్తుంది.

అదే గదికి అతడు తాళం వేయకుండా వెళ్లినా, తాళంచెవి ఉన్న రూమ్‌మేటే తీశాడని తేలినా హాస్టల్‌ను బాధ్యురాలిని చేయడం కష్టం. ‘విలువైన వస్తువులు లాకర్‌లో పెట్టండి’ అని లాకర్ ఇచ్చినా వాడుకోకపోతే అది కూడా యాజమాన్యానికి కలిసొస్తుంది.

మొదటి రోజే చేయాల్సినవి

గదిని సర్దకుండా తలుపు, తాళం, అల్మారా ఫొటోలు తీయండి. ఆ రోజే మేనేజర్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వాట్సాప్‌లో పంపినా ఫర్వాలేదు, తేదీ, సమయం నమోదవుతాయి. అందులో ‘ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు సీసీ కెమెరా రికార్డింగ్‌ను చెరిపేయకుండా భద్రపరచండి’ అని తప్పకుండా రాయండి. చాలా కెమెరాల్లో కొద్ది రోజులకే పాత రికార్డింగ్ పోయి కొత్తది చేరుతుంది. అడిగిన తర్వాత కూడా పోగొట్టారంటే కమిషన్ ముందు ఆ మాట మీకు పనికొస్తుంది.

తర్వాత పోలీసు ఫిర్యాదు. నివాసంగా వాడే భవనంలో దొంగతనం భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కిందకు వస్తుంది. దీనికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఎఫ్‌ఐఆర్ కాపీని ఉచితంగా ఇవ్వాలి. ల్యాప్‌టాప్ సీరియల్ నంబర్ అందులో ఉండేలా చూసుకోండి. అయితే పోలీసు కేసు దొంగ మీద, కమిషన్‌లో కేసు హాస్టల్ మీద. ఇవి రెండు వేర్వేరు దారులు. దొంగ దొరికేదాకా రెండోదాన్ని ఆపాల్సిన పనిలేదు.

కేసు ఎక్కడ వేయాలి?

హాస్టల్ హైదరాబాద్‌లో ఉన్నా, ఆ యువకుడు కోర్సు ముగించుకుని పొన్నూరుకు తిరిగి వచ్చి ఉంటే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా ఉద్యోగం చేసే చోట కేసు వేసే వీలు 2019 చట్టం కల్పించింది. ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. సేవ కోసం కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఇక్కడ చూసేది ల్యాప్‌టాప్ ధర కాదు, హాస్టల్‌కు కట్టిన అద్దె. ఆన్‌లైన్‌లో e-jagriti.gov.in ద్వారా దాఖలు చేయవచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. అంతకుముందు రాజీ ప్రయత్నం చేయాలనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

అద్దె రసీదులు లేదా యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, ల్యాప్‌టాప్ బిల్లు, ఎఫ్‌ఐఆర్, మేనేజర్‌కు పంపిన ఫిర్యాదు, ఫొటోలు జత చేయాలి. ఆ బోర్డు ఫొటో కూడా పెట్టండి. ఎంత కోరాలన్నది ఆలోచించి రాయండి. రెండేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌కు కొత్తదాని ధర మొత్తం వస్తుందని ఆశించకూడదు. వాడకాన్ని తీసేసి ఇప్పటి విలువ, దానిపై వడ్డీ, ఖర్చులు అడిగితే నమ్మదగినట్లు ఉంటుంది. నగదు పోయిందంటే ఎంత ఉందో రుజువు కావాలి. ఆ రోజు ఏటీఎం నుంచి తీసిన లావాదేవీ లాంటిదేదీ లేకపోతే ఆ మొత్తం రావడం కష్టం.