ఫొటోలో మూడు స్ట్రిప్పులు

‘‘వీటిలో జలుబుకి ఏది వేసుకోవచ్చు?’’ అంటూ వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఇంట్లో మిగిలిపోయిన మూడు స్ట్రిప్పులు, మూడింటి మీదా నిలువుగా ఎర్ర గీత. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని ఆ గీతకు అర్థం. జలుబుకి మాత్రం మూడూ పనికిరావు. అది వైరస్‌తో వచ్చేది, ఇవి బ్యాక్టీరియాను చంపేవి.

స్ట్రిప్పు మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి ఉంటుంది. అసలు మందు పేరు వేరుగా ఉంటుంది. మొదటిదాంట్లో అమాక్సిసిలిన్ 500, క్లావులానిక్ యాసిడ్ 125 మిల్లీగ్రాములు. అందుకే దాన్ని ‘625’ అంటారు. ‘సిలిన్’ అన్నది ఇంటిపేరు లాంటిది, పెన్సిలిన్ వంశం. ఇది బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోకుండా చేస్తుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఒక ఎంజైమును వదిలి అమాక్సిసిలిన్‌నే విరగ్గొడతాయి. క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైమును పట్టి ఆపుతుంది. పెన్సిలిన్ పడనివాళ్లు దీన్ని వేసుకుంటే ప్రమాదం. కంపెనీ పేరు చూస్తే ఆ సంగతి తెలియదు.

రెండోది సెఫిక్సిమ్. ‘సెఫ్’ అంటే సెఫలోస్పోరిన్‌లు, పెన్సిలిన్‌కు దగ్గరి చుట్టాలు. మూడోది అజిత్రోమైసిన్, మాక్రోలైడ్ జాతి. బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారు చేసుకోకుండా అడ్డుపడుతుంది. ‘మైసిన్’ని మాత్రం నమ్ముకోకండి. జెంటామైసిన్ కూడా అలాగే వినిపిస్తుంది గానీ అది వేరే జాతి, కిడ్నీలకూ చెవులకూ హాని చేయగలదు.

ఇక కోర్సు సంగతి. పిల్లవాడికి స్ట్రెప్టోకాకస్ వల్ల గొంతునొప్పి వస్తే అమాక్సిసిలిన్ మామూలుగా 10 రోజులు రాస్తారు. రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి, పిల్లవాడు ఆటల్లో పడతాడు. సూక్ష్మజీవి గొంతులో ఇంకా ఉండొచ్చు. దాని మీద శరీరం చేసే పోరాటం దారితప్పితే, కొన్ని వారాల తర్వాత రుమాటిక్ జ్వరంగా మారి గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. ఆ 10 రోజులు అందుకే.

అజిత్రోమైసిన్ మూడు మాత్రలే ఉన్నా, అది ఒంట్లో ఇంకొన్ని రోజులు నిలిచి ఉంటుంది. కాబట్టి మాత్రల లెక్కతో కోర్సును కొలవలేం. ‘ఎంత ఎక్కువ రోజులు వాడితే అంత మంచిది’ అన్నదీ తప్పే. అవసరానికి మించి వాడితే పేగుల్లోని ఇతర బ్యాక్టీరియా మందుకు లొంగని రకాలుగా మారే అవకాశం పెరుగుతుంది. కోలుకుంటున్న న్యుమోనియా రోగుల్లో చాలామందికి 5 రోజులు చాలని ఇప్పుడు డాక్టర్లు అంటున్నారు. క్షయకు అది వర్తించదు. నెలల తరబడి కలిపి వాడే మందులను మధ్యలో ఆపితే లొంగని క్షయ తయారవుతుంది.

తగ్గిందనిపించి ఆపాలనుకుంటే ముందు రాసిన డాక్టరుకు ఫోన్ చేయండి. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మాత్రం కోర్సు పూర్తి చేయాలని చూడకండి. తర్వాతి మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఆ స్ట్రిప్పు వెంట తీసుకుని.