ఘటన సంబంధ విభవాన్ని చదవడం: విలంబ ధన ఘటకం, అవధానం

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఈ కింది పనులు చేయగలగాలి:

- ఘటన సంబంధ విభవ రేఖాపటంలోని అక్షాలను, ఆధారరేఖను సరిగా గుర్తించడం
- విలంబ ధన ఘటకం అవధానం గురించి ఏం చెబుతుందో, ఏం చెప్పదో వివరించడం
- సగటు తరంగం ఎత్తు తగ్గినప్పుడు, అవధానం తగ్గడం కాక మరో కారణం కూడా ఉందేమో పరీక్షించడం

1.1 ఉపోద్ఘాతం

ఒక శబ్దం మనిషి చెవిన పడిందా అన్నది తేలికగానే తెలుసుకోవచ్చు. దానిని అతడు పట్టించుకున్నాడా అన్నది తెలుసుకోవడం అంత తేలిక కాదు. అడిగితే చెబుతాడు కాని, అడగడమే అతడి దృష్టిని దానివైపు మళ్లిస్తుంది. మీట నొక్కమంటే నొక్కుతాడు. అప్పుడు మనకు దక్కేది చివరి ఫలితం మాత్రమే. శబ్దానికీ మీటకూ మధ్య జరిగింది కనబడదు. ఆ మధ్యకాలాన్ని చూడటానికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాడే సాధనాలలో ఘటన సంబంధ విభవం ఒకటి. ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలతో దీనిని ‘ఈఆర్‌పీ’ అని కూడా అంటారు.

తలపై అమర్చిన ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడు విద్యుత్ చర్యను నమోదు చేసే ఈఈజీ గురించి మీరు ఇంతకుముందు చదివారు. ఒక నిర్ణీత ఘటనకు, అంటే ఒక శబ్దానికో చిత్రానికో, కాలంలో ముడిపడి ఉన్న ఈఈజీ మార్పే ఘటన సంబంధ విభవం.

1.2 సగటు ఎందుకు?

ఒక్కసారి శబ్దం వినిపించి ఈఈజీని చూస్తే మనకు కావలసిన మార్పు సాధారణంగా కనబడదు. ఆ మార్పు కొన్ని మైక్రోవోల్టులు మాత్రమే. నేపథ్యంలో నడుస్తున్న ఈఈజీ అంతకు కొన్ని రెట్లు పెద్దది. అందుకే అదే రకం శబ్దాన్ని అనేకసార్లు వినిపించి, శబ్దం మొదలైన క్షణాన్ని సున్నాగా తీసుకుని, ఆ ముక్కలన్నిటినీ సగటు చేస్తారు. శబ్దంతో సంబంధం లేని ఒడుదొడుకులు ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఉంటాయి కాబట్టి క్రమంగా రద్దవుతాయి. శబ్దానికి ముడిపడినది మిగులుతుంది.

అయితే నేపథ్యపు ఒడుదొడుకు ప్రయత్నాల సంఖ్యతో సమానంగా తగ్గదు. ఆ సంఖ్య వర్గమూలంతో తగ్గుతుంది. ఒక్క ప్రయత్నంలో అది 20 మైక్రోవోల్టులు అనుకుంటే, 36 ప్రయత్నాల సగటులో దాదాపు 3.3 ఉంటుంది. 144 ప్రయత్నాల సగటులో దాదాపు 1.7 ఉంటుంది. నాలుగు రెట్లు శ్రమిస్తే సగమే తగ్గిందన్నమాట. ఈ అంకెలు మనకు మళ్లీ అవసరమవుతాయి.

1.3 రేఖాపటాన్ని ఎలా చూడాలి?

మొదట నిలువు అక్షం చూడండి. కొన్ని ప్రయోగశాలలు ధన విభవాన్ని పైకి గీస్తాయి, కొన్ని రుణ విభవాన్ని పైకి గీస్తాయి. రెండు అలవాట్లూ ముద్రిత వ్యాసాలలో కనిపిస్తాయి. ఇది గమనించకపోతే కొండను లోయగా చదువుతారు. ఈ పాఠంలో ధనం పైకి ఉందని భావించండి.

తరవాత సున్నాకు ఎడమవైపు చూడండి. శబ్దానికి ముందున్న 100 లేదా 200 మిల్లీసెకండ్ల భాగమే ఆధారరేఖ. ఎత్తులన్నీ దీని నుంచే కొలుస్తారు. అక్కడ రేఖ దాదాపు సమతలంగా ఉండాలి. అక్కడే రెండు రేఖలు వాలిపోయి, ఒకదానికొకటి దూరంగా ఉంటే, కుడివైపున కనిపించే తేడాను నమ్మకండి. శబ్దం రాకముందే శబ్దం వల్ల తేడా ఏర్పడదు కదా!

మూడవది ఎలక్ట్రోడ్ స్థానం. విలంబ ధన ఘటకం సాధారణంగా తల వెనుక పైభాగంలో, నడినెత్తి మధ్యరేఖపై ఉండే ‘పీజెడ్’ అనే స్థానంలో పెద్దదిగా కనిపిస్తుంది. నుదుటి దగ్గరే అతి పెద్దదిగా ఉన్న ధన తరంగం కనబడితే ముందు కనురెప్పల ఆర్పులను అనుమానించాలి. ఒక్క ఆర్పు అక్కడ 100 మైక్రోవోల్టులను సైతం దాటగలదు. అందుకే అటువంటి ప్రయత్నాలను సగటుకు ముందే తొలగిస్తారు, లేదా సరిచేస్తారు.

1.4 విలంబ ధన ఘటకం

శబ్దం వచ్చిన సుమారు 100 మిల్లీసెకండ్లకు ఒక రుణ తరంగం కనిపిస్తుంది. దాని తరవాత మరికొన్ని చిన్న మార్పులు ఉంటాయి. వీటిపై శబ్ద తీవ్రత వంటి భౌతిక లక్షణాల ప్రభావం ఎక్కువ. దాదాపు 300 మిల్లీసెకండ్ల నుంచి, కొన్ని పనులలో ఇంకా ఆలస్యంగా, ఒక వెడల్పాటి ధన తరంగం లేస్తుంది. ఆలస్యంగా వస్తుంది కాబట్టి విలంబం, ధన విభవం కాబట్టి ధనం. దీనిలో బాగా ప్రసిద్ధమైనది ‘పీ300’.

1965లో శామ్యూల్ సట్టన్, ఆయన సహచరులు ఈ తరంగాన్ని వివరించారు. తరవాత ఏ ఉద్దీపన వస్తుందో తెలియని స్థితిలో అది పెద్దదిగా ఉందని చూపారు. 1967లో వారు మరింత ఆసక్తికరమైన ఫలితాన్ని ప్రకటించారు. రెండవ ‘టిక్కు’ శబ్దం వస్తుందా రాదా అన్నది తెలియని స్థితిలో అది రాకపోయినా, రావలసిన సమయాన్ని అనుసరించి ఈ ధన తరంగం కనిపించింది. శబ్దమే లేనప్పుడు వచ్చిన తరంగాన్ని శబ్దానికి చెవి ఇచ్చిన ప్రతిస్పందన అనలేం. నిశ్శబ్దం కూడా ఆ వ్యక్తికి ఒక సమాచారమే అయింది.

అవధానంతో సంబంధాన్ని 1975లో నాన్సీ స్క్వైర్స్, కెన్నెత్ స్క్వైర్స్, స్టీవెన్ హిల్‌యార్డ్ పరిశీలించారు. శబ్దాలను పట్టించుకుంటున్నప్పుడు, వాటిని వదిలేసి చదువుకుంటున్నప్పుడు వచ్చిన తరంగాలను వారు పోల్చారు. పట్టించుకున్న అరుదైన శబ్దానికి సుమారు 350 మిల్లీసెకండ్ల దగ్గర, తల వెనుక భాగంలో పెద్దదైన ధన తరంగం వచ్చింది. పట్టించుకోనప్పుడు కూడా అనూహ్యమైన మార్పుకు ఒక ధన తరంగం వచ్చింది. కాని అది సుమారు 240 మిల్లీసెకండ్లకే వచ్చి, తల ముందువైపుకు జరిగి ఉంది. కాబట్టి ‘ధన తరంగం ఉంది’ అంటే చాలదు. ఎప్పుడు, ఎక్కడ అన్నవి కూడా చెప్పాలి.

1.5 ఒక ఉదాహరణ

ఇప్పుడు ఒక ప్రయోగాన్ని చదువుదాం. ఇందులోని అంకెలు అభ్యాసం కోసం కల్పించినవి. ఒక విద్యార్థినికి 200 శబ్దాలు వినిపించాం. వాటిలో 160 తక్కువ స్థాయి శబ్దాలు, 40 ఎక్కువ స్థాయి శబ్దాలు. మొదటి విడతలో ఆమె ఎక్కువ స్థాయి శబ్దాలను మనసులో లెక్కించింది. రెండవ విడతలో అవే శబ్దాలు వినిపిస్తుండగా పుస్తకం చదివింది. కనురెప్పల ఆర్పులున్న ప్రయత్నాలు తీసివేస్తే ప్రతి విడతలోనూ 144 తరచు శబ్దాలు, 36 అరుదు శబ్దాలు మిగిలాయి. పీజెడ్ దగ్గర 300 నుంచి 500 మిల్లీసెకండ్ల మధ్య సగటు ఎత్తు, మైక్రోవోల్టులలో, ఇలా ఉంది:

| విడత | తరచు శబ్దం | అరుదు శబ్దం | తేడా |
|---|---|---|---|
| లెక్కిస్తూ | 2 | 10 | 8 |
| చదువుతూ | 2 | 3 | 1 |

100 మిల్లీసెకండ్ల దగ్గరి రుణ తరంగం రెండు విడతలలోనూ స్పష్టంగా ఉందనుకుందాం. అంటే రెండవ విడతలోనూ శబ్దం మెదడుకు చేరింది. చేరిన తరవాత జరిగిన పనిలో తేడా ఉంది. శబ్దాలు అవే, అరుదుతనమూ అదే; మారినది ఆమె చేస్తున్న పని ఒక్కటే. అందువల్ల 8కీ 1కీ మధ్య తేడాను అవధానంతో ముడిపెట్టడానికి మనకు ఆధారం ఉంది. రెండవ విడతలో అరుదు శబ్దాలను 40కి బదులు 100 చేసి ఉంటే ఈ మాట అనలేం. అరుదుతనం తగ్గితేనే ఈ తరంగం చిన్నదవుతుంది.

రెండవ విడతలోని 1 మైక్రోవోల్టును ఎలా చదవాలి? 36 ప్రయత్నాల సగటులో ఏదో ఒక క్షణం దగ్గర 3.3 మైక్రోవోల్టుల ఒడుదొడుకు మిగిలి ఉంటుందని చూశాం. 200 మిల్లీసెకండ్ల సగటు తీస్తే అది కొంత తగ్గినా పూర్తిగా పోదు. కాబట్టి ఈ ఒక్కరి ఫలితం చూసి చిన్న తరంగం ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

1.6 శిఖరం తగ్గితే అవధానం తగ్గినట్లేనా?

విద్యార్థులు ఎక్కువగా పొరబడే చోటు ఇదే. సగటు తరంగం శిఖరం తగ్గడానికి ప్రతి ప్రయత్నంలోనూ తరంగం చిన్నదై ఉండనక్కరలేదు. మూడు ప్రయత్నాలు తీసుకోండి. ప్రతిదానిలోనూ 10 మైక్రోవోల్టుల ఎత్తున్న త్రికోణం ఉంది. అది శిఖరానికి 100 మిల్లీసెకండ్ల ముందు మొదలై, 100 మిల్లీసెకండ్ల తరవాత ముగుస్తుంది. మూడు శిఖరాలూ 400 దగ్గరే ఉంటే సగటు శిఖరం 10. అవి 300, 400, 500 దగ్గర ఉంటే? 400 దగ్గర మొదటిది సున్నా, రెండవది 10, మూడవది సున్నా. సగటు 3.3 మాత్రమే. తరంగం ఎత్తు ఏ ప్రయత్నంలోనూ తగ్గలేదు; వచ్చిన సమయం మాత్రం చెదిరింది.

దీనిని ఎలా పట్టుకోవాలి? రెండు ఆనవాళ్లున్నాయి. మొదటిది ఆకారం: చెదిరిన సమయాల సగటు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. రెండవది వైశాల్యం: పై ఉదాహరణలో 200 నుంచి 600 మిల్లీసెకండ్ల వరకు సగటు ఎత్తు లెక్కిస్తే రెండు సందర్భాలలోనూ 2.5 మైక్రోవోల్టులే వస్తుంది. అందుకే శిఖరంతో పాటు, తరంగం మొత్తం ఇమిడేంత వెడల్పైన కాలవ్యవధిలో సగటు ఎత్తును కూడా చూడాలి. సగటు ఎత్తు కూడా తగ్గితేనే ప్రతిస్పందన నిజంగా తగ్గిందని వాదించవచ్చు. వ్యక్తి అలసినప్పుడు, పని కఠినమైనప్పుడు సమయాల చెదురు పెరగవచ్చు. అలాంటి ప్రయోగాలలో ఈ పరీక్ష తప్పనిసరి.

1.7 నిర్ధారణకు హద్దు

విలంబ ధన ఘటకం అవధానానికి మరో పేరు కాదు. అది లేచేసరికి శబ్దాన్ని ఎంచుకోవడం, గుర్తించడం చాలావరకు జరిగే ఉంటాయి. ఎంపికైన సమాచారంతో మెదడు తన అంచనాను సవరించుకోవడాన్ని ఈ తరంగం సూచిస్తుందని ఇమాన్యుయేల్ డాంచిన్ వివరించారు. దీనిపై భిన్నాభిప్రాయాలున్నాయి. అవధానం మళ్లినప్పుడు తరంగం తగ్గుతుందన్నది ప్రయోగఫలితం. తరంగం తగ్గింది కాబట్టి అవధానమే మళ్లిందన్నది దానికి తిరగేసిన మాట. అది దానంతట అదే నిజం కాదు. ఇతర కారణాలను ప్రయోగ రచనలోనే తొలగించినప్పుడు మాత్రమే ఆ మాట నిలుస్తుంది.

1.8 సారాంశం

ఘటన సంబంధ విభవాన్ని అక్షం, ఆధారరేఖ, ఎలక్ట్రోడ్ స్థానం అన్న వరసలో చూసి, ఆ తరవాతే తరంగం వైపు వెళ్లాలి. పనికి సంబంధించిన అరుదైన ఉద్దీపనను పట్టించుకున్నప్పుడు పీజెడ్ దగ్గర పెద్ద విలంబ ధన ఘటకం వస్తుంది. దాని శిఖరం తగ్గితే, అవధానం గురించి మాట్లాడే ముందు, ఉద్దీపనల అరుదుతనం సమానంగా ఉందా, సమయాలు చెదిరాయా అని చూడాలి.

1.9 మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఒక పటంలో శబ్దానికి 150 మిల్లీసెకండ్ల ముందే రెండు రేఖల మధ్య 4 మైక్రోవోల్టుల తేడా ఉంది. 400 దగ్గర కూడా అంతే తేడా ఉంది. మీ వ్యాఖ్య ఏమిటి?
2. అలసిన విద్యార్థి తరంగం శిఖరం సగమైంది, వెడల్పు రెట్టింపైంది. అతడి అవధానం తగ్గిందనవచ్చా?

సమాధాన సూచనలు: 1. తేడా ఉద్దీపనకు ముందే ఉంది కాబట్టి దానిని ఉద్దీపనకు ఆపాదించలేం. 2. తొందరపడి అనకూడదు. వైశాల్యం దాదాపు మారలేదు; ప్రతిస్పందన సమయాలు చెదిరి ఉండవచ్చు. విడి ప్రయత్నాలను, విశాలమైన కాలవ్యవధిలో సగటు ఎత్తును చూడాలి.