బ్యాంకు పేరుతో నకిలీ మెయిల్: లింకు నొక్కిన వెంటనే ఏం చేయాలి?

‘మీ కిసాన్ క్రెడిట్ కార్డు కేవైసీ గడువు ముగిసింది. 24 గంటల్లో వివరాలు ఇవ్వకపోతే ఖాతా ఆపేస్తాం’ అంటూ బ్యాంకు ముద్రతో మెయిల్ వస్తుంది. పంట డబ్బు పడే రోజుల్లో ఇలాంటిది చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. మోసగాడికి కావలసిందీ ఆ కంగారే.

ముందు మెయిల్ పైన ఉన్న పంపినవారి పేరును నొక్కండి. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు, కింద కనిపించే చిరునామా చూడాలి. అది gmail.com తో ముగిస్తే బ్యాంకు పంపింది కాదు. తర్వాత లింకును నొక్కి వదిలేయకుండా, కాసేపు వేలు అలాగే ఉంచితే అసలు చిరునామా కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు ఆదేశంతో మన బ్యాంకుల వెబ్‌సైట్లు .bank.in కు మారాయి. ఉదాహరణకు స్టేట్ బ్యాంకుది sbi.bank.in. అయితే sbi.bank.in.kcc-kyc.top అని ఉంటే అది బ్యాంకుది కాదు. https:// తర్వాత వచ్చే మొదటి గీత (/) ముందు చివరగా ఏముందో అదే అసలు యజమాని, ముందున్నదంతా వేషం.

ఇక లింకు నొక్కేశారనుకుందాం. పేజీ తెరుచుకున్నా ఏమీ నింపకపోతే, దాన్ని మూసేయండి. సాధారణంగా డబ్బు పోదు. ఒకటి మాత్రం చూడాలి: .apk అనే ఫైలు ఏదైనా ఫోన్‌లోకి దిగిందా? దిగినా ఇన్‌స్టాల్ చేయకపోతే తీసేస్తే చాలు. ఇన్‌స్టాల్ చేసి, మెసేజ్‌లు చదివే అనుమతి కూడా ఇచ్చి ఉంటే మీకు వచ్చే ఓటీపీ అవతలివాడికీ చేరుతుంది. అప్పుడు వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి, ఇంట్లో మరో ఫోన్‌తో పని మొదలుపెట్టండి. ఆ యాప్ తీసేసే వరకు ఆ ఫోన్‌లో బ్యాంకు పని వద్దు.

పాస్‌వర్డ్, కార్డు నంబరు లేదా ఓటీపీ ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకూడదు. ఏటీఎం కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయకండి, గూగుల్‌లో వెతికి చేయడమూ ప్రమాదమే. డబ్బు పోయి ఉంటే ఇంట్లో ఇంకొకరు అదే సమయంలో 1930 కు చేయాలి. ఉదాహరణకు 18,000 రూపాయలు పోతే, ఆ మొత్తం, సమయం, మెసేజ్‌లోని లావాదేవీ నంబరు చెప్పాలి. దొంగ ఆ డబ్బును ఖాతా నుంచి ఖాతాకు మారుస్తూ పోతాడు. విత్‌డ్రా చేసేలోపు సమాచారం అందితేనే దాన్ని నిలిపివేసే వీలుంటుంది. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. మెయిల్‌ను తొలగించవద్దు, అది ఆధారం.

మరుసటి రోజు బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, తేదీ, ముద్రతో నకలు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 నిబంధనల ప్రకారం, ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే బ్యాంకుకు తెలిపే వరకు పోయిన డబ్బు మన నష్టమే. తెలిపాక పోయేది బ్యాంకు భరించాలి. అందుకే ఫోన్ చేసినప్పుడు ఇచ్చిన ఫిర్యాదు నంబరు, సమయం పాస్‌బుక్ వెనుక రాసి పెట్టుకోండి.