నాలుగో పేజీ ఖాళీ, పని మాత్రం మిగిలే ఉంది

ఒక కార్యాలయంలో రేషన్ కార్డు దరఖాస్తులు పరిశీలించే అధికారి ఉన్నారనుకుందాం. కంప్యూటర్‌లో ‘పెండింగ్’ అనే ఫిల్టర్ పెట్టారు. 50 దరఖాస్తులు వచ్చాయి. పాతవి ముందు, కొత్తవి తర్వాత, పేజీకి పది చొప్పున మొత్తం ఐదు పేజీలు. మొదటి పేజీలోని పదింటినీ చదివి ఆమోదించి, రెండో పేజీ నొక్కారు. అక్కడ 11 నుంచి 20 వరకు ఉండాలి. తెర మీదికి వచ్చినవి 21 నుంచి 30 వరకు.

ఆయనకు ఆ తేడా తెలిసే అవకాశం లేదు. దరఖాస్తుల మీద వరుస సంఖ్యలు ఉండవు, పేర్లే ఉంటాయి. ఆ పదీ పూర్తిచేసి మూడో పేజీకి వెళ్తే 41 నుంచి 50 వరకు వచ్చాయి. అవీ ఆమోదించి నాలుగో పేజీ నొక్కితే ‘రికార్డులు లేవు’ అని వచ్చింది. పని అయిపోయిందనుకుని ఆయన లేచారు. చూసినవి 30. ఎవరి కంటా పడకుండా మిగిలిపోయినవి 20.

ఇందులో సర్వర్ ఆగిపోలేదు, ఎర్ర అక్షరాల్లో హెచ్చరికా రాలేదు. ప్రోగ్రామ్ తనకు చెప్పిన పని సరిగ్గానే చేసింది. చిక్కంతా ఆ చెప్పిన పనిలో ఉంది. చాలా జాబితాలు డేటాబేస్‌ను అడిగే తీరు ఇది:

```sql
SELECT id, name, applied_on
FROM applications
WHERE status = 'PENDING'
ORDER BY applied_on
LIMIT 10 OFFSET 10;
```

‘మొదటి పదింటిని వదిలేసి, తర్వాతి పది ఇవ్వు’ అని దీని అర్థం. కానీ ఆమోదం పొందిన పదీ అప్పటికే పెండింగ్ జాబితాలోంచి వెళ్లిపోయాయి. ఇప్పుడు జాబితాలో మొదట ఉన్నవి 11 నుంచి 20 వరకు. డేటాబేస్ వాటినే వదిలేసింది. క్యూలో ముందున్నవాళ్లు వెళ్లిపోతే వెనకవాళ్లు ముందుకు జరుగుతారు కదా, ఇక్కడా అంతే.

ఈ లోపం పరీక్షల్లో ఎందుకు దొరకదు? టెస్టర్లు సాధారణంగా కదలని డేటా మీద పేజీలు తిప్పుతారు. మొదటి పేజీ సరే, రెండోది సరే, చివరిదీ సరే. ఏ పేజీకి ఆ పేజీ సరిగ్గానే ఉంటుంది. తప్పు ఉన్నది ఒక పేజీకీ తర్వాతి పేజీకీ మధ్య గడిచిన సమయంలో. కాబట్టి పరీక్ష కూడా ఆ మధ్యలోనే జరగాలి.

అందుకు టెస్టర్ ముందుగా తనకు పూర్తిగా తెలిసిన 50 రికార్డులు తయారుచేసుకుని, వాటి ఐడీలు రాసిపెట్టుకోవాలి. మొదటి పేజీ తెరిచాక, మరో బ్రౌజర్ కిటికీలోంచి కొన్నింటి స్థితి మార్చి, అప్పుడు రెండో పేజీకి వెళ్లాలి. ఇలా చివరిదాకా తిప్పుతూ ప్రతి పేజీలోనూ కనిపించిన ఐడీలను ఒకచోట చేర్చాలి. ఆఖరున చూడాల్సినవి రెండే: ఏ ఐడీ అయినా రెండుసార్లు వచ్చిందా, మొదటి నుంచి చివరి దాకా పెండింగ్‌లోనే ఉన్న ఐడీ ఏదైనా ఒక్కసారి కూడా రాకుండా పోయిందా. ఈ రెండింటికీ ‘లేదు’ అన్న జవాబు రావాలి.

దీనికి తిరగేసిన పరిస్థితీ ఉంది. కొత్తవి ముందు చూపించే ఆర్డర్ల జాబితాలో, మీరు మొదటి పేజీ చదువుతుండగా మూడు కొత్త ఆర్డర్లు వస్తే, మొదటి పేజీ చివరి మూడూ రెండో పేజీ తలలో మళ్లీ ప్రత్యక్షమవుతాయి. ఇది చికాకే గానీ కంటికి కనిపిస్తుంది. రికార్డు మాయమైతే మాత్రం కనిపించదు. అందుకే పరీక్షించే సమయం తక్కువగా ఉంటే, రికార్డులు తగ్గే సందర్భాన్నే ముందు చూడాలి.

ఎవరూ ఏదీ ఆమోదించకపోయినా వరుస తారుమారయ్యే దారి ఇంకొకటి ఉంది. పై ప్రశ్నలో వరుస తేదీ ప్రకారం. ఒకే రోజున 25 దరఖాస్తులు వచ్చి ఉంటే, వాటిలో ఏది ముందు, ఏది వెనక? తేదీలు సమానమైనప్పుడు ఏ వరుసలోనైనా ఇచ్చే స్వేచ్ఛ డేటాబేస్‌కు ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ అధికారిక మాన్యువల్‌లోనే ఈ మాట ఉంది. ఒకే దరఖాస్తు మొదటి పేజీ చివరా, రెండో పేజీ మొదటా రావచ్చు. దాని బదులు మరొకటి ఎక్కడా రాకపోవచ్చు. చిన్న డేటా మీద వరుస తరచూ నిలకడగానే కనిపిస్తుంది, అందువల్ల లోపం దాక్కుంటుంది. దాన్ని బయటికి లాగాలంటే, ఒకే తేదీ ఉన్న రికార్డులు పేజీ సరిహద్దును దాటేలా డేటా పెట్టాలి. పేజీలు తిప్పే మధ్యలో వాటిలో ఒకదాని ఫోన్ నంబర్ మార్చాలి. పోస్ట్‌గ్రెస్‌లో రికార్డును సవరిస్తే దాని కొత్త ప్రతి వేరేగా రాస్తారు కాబట్టి, ఇంత చిన్న మార్పుకే సమాన తేదీల వరుస మారిపోవచ్చు. మందు సులభం: తేదీ తర్వాత ఐడీని కూడా వరుసలో చేర్చడం. రెండు రికార్డులకు ఒకే ఐడీ ఉండదు.

ఐడీ చేర్చడం సమాన తేదీల సమస్యను తీరుస్తుంది గానీ, అధికారి సమస్యను తీర్చదు. దానికి ‘ఎన్నింటిని వదలాలి’ అనే లెక్కే మానేసి, ‘చివరగా చూసింది ఇది, దీని తర్వాతివి ఇవ్వు’ అని అడగాలి:

```sql
WHERE status = 'PENDING'
  AND (applied_on, id) > ('2025-06-03', 1010)
ORDER BY applied_on, id
LIMIT 10;
```

ముందున్నవి ఎన్ని పోయినా, 1010 తర్వాతి దరఖాస్తు ఇప్పుడు తప్పిపోదు. జాబితా లక్షల్లో ఉన్నప్పుడు ఇంకో మేలు. పాత పద్ధతిలో లక్షో రికార్డు తర్వాతి పేజీ కావాలంటే డేటాబేస్ ఆ లక్షా లెక్కపెట్టి పారేయాలి. అందుకే మొదటి పేజీ చిటికెలో వస్తుంది, చివరి పేజీ ఆలస్యమవుతుంది. వేగం పరీక్షించేటప్పుడు చివరి పేజీలు కూడా తెరవమనేది ఇందుకే. కొత్త పద్ధతికి, సరైన ఇండెక్స్ ఉంటే, ఎంత లోతుకు వెళ్లినా పని దాదాపు ఒకటే.

దీనికీ పరిమితులున్నాయి. నేరుగా 37వ పేజీకి దూకడం కుదరదు, ‘తర్వాత’ నొక్కుతూ పోవాల్సిందే. మారే విలువ మీద వరుస పెడితే ఇది కూడా కాపాడలేదు. ‘చివరిసారి సవరించిన తేదీ’ ప్రకారం, పాతవి ముందుగా పేర్చిన జాబితాలో ఒకసారి చూసిన రికార్డును ఎవరైనా సవరిస్తే, అది ముందుకు దూకి మళ్లీ ఎదురవుతుంది. దాన్ని ఆపాలా, అలాగే వదిలేయాలా అన్నది టెస్టర్ ఊహించి తేల్చేది కాదు. ఆ తెర ఏ పనికి వాడతారో తెలిసినవాళ్లను అడిగి రాయించుకోవాలి.

ఫిల్టర్, సార్ట్ బటన్ల దగ్గర తప్పక చూడాల్సినవి రెండు. ఏడో పేజీలో ఉండగా ఫిల్టర్ మారిస్తే తెర మొదటి పేజీకి రావాలి. లేకపోతే ఫలితాలు ఉన్నా ఖాళీ జాబితా కనిపిస్తుంది. పేరు మీద నొక్కి సార్ట్ చేస్తే మొత్తం జాబితా సర్దుకోవాలి. తెర మీది పదింటిని మాత్రమే సర్ది ఊరుకునే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. మొదటి పేజీ చివరి పేరునూ రెండో పేజీ మొదటి పేరునూ పోల్చితే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఇలాంటి జాబితాల మీద రోజూ పనిచేసేవాళ్లకు ఒక సూచన. చివరి పేజీ ఖాళీగా వచ్చిందని పని ముగించకండి. మళ్లీ మొదటి పేజీకి వెళ్లి, అదే ఫిల్టర్‌తో ఇంకా ఎన్ని ఉన్నాయో చూడండి. అక్కడ సున్నా కనిపిస్తేనే పని పూర్తయినట్టు.