నలుపు ఏ రంగయిందో చూశారా?

సంక్రాంతికి వెళ్లేసరికి పిన్నివాళ్ల టీవీలో వార్తలు చదివే అమ్మాయి ముఖం లేత ఆకుపచ్చగా, జుట్టు వంకాయ రంగులో ఉంది. బొమ్మ మాత్రం ఎక్కడా చెదరలేదు.

"పొద్దున కరెంటు పోయొచ్చినప్పట్నుంచీ ఇంతేరా. ప్యానెల్ పోయిందట, కొత్త టీవీ కొనుక్కోమన్నాడు రిపేరు అబ్బాయి" అంది పిన్ని.

"కాసేపాగు పిన్నీ" అని టీవీ రిమోట్ తీసుకుని మెనూ నొక్కాను. సెట్‌టాప్ బాక్స్ రిమోట్ కాదు, టీవీదే. ఎందుకంటే ఈ మెనూ బాక్సులోంచి రాదు, టీవీ సొంతంగా గీసుకుంటుంది. అక్షరాలు మల్లెపూవంత తెల్లగా వచ్చాయి. ఆ తెలుపు చూపించింది కూడా అదే ప్యానెల్ కదా! ప్యానెల్ చెడితే మెనూకీ ఆ రంగు అంటుకుని ఉండేది.

దీనికో మినహాయింపు ఉంది. చాలా టీవీల్లో పిక్చర్ సెట్టింగులు బొమ్మ మీదే పనిచేస్తాయి, మెనూని ముట్టుకోవు. ఎవరైనా టింట్‌ని ఒక పక్కకి జరిపేసి ఉన్నా మెనూ తెల్లగానే కనిపిస్తుంది. అందుకే పిక్చర్ రీసెట్ చేశాను. మార్పు లేదు. పెన్‌డ్రైవ్‌లోని పెళ్లి ఫోటోలు పెడితే చక్కగా వచ్చాయి. అంటే తప్పు ప్యానెల్‌ది కాదు. బాక్సా, కేబులా, టీవీలోని సాకెట్టా అన్నదే తేలాలి.

ఇక్కడ ఆ వంకాయ రంగు జుట్టే ఆధారం. హెచ్‌డీఎంఐ కేబుల్లో బొమ్మ మూడు దారుల్లో వెళ్తుంది. బాక్స్ దాన్ని రెండు పద్ధతుల్లో పంపగలదు. మొదటిది ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కోటి ఒక్కో దారిలో. రెండోదాంట్లో ఆకుపచ్చ దారిలో వెలుగు వెళ్తుంది. మిగతా రెండిట్లో రంగు ఎటు మొగ్గిందో చెప్పే అంకెలు వెళ్తాయి. ఎటూ మొగ్గకపోతే ఆ అంకె సున్నా కాదు, నడిమధ్య 128.

బాక్స్ రెండో పద్ధతిలో పంపితే, టీవీ మొదటిదనుకుని చదివిందనుకోండి. తెలుపంటే వెలుగు 235, మిగతా రెండూ 128. టీవీకి ఆకుపచ్చ నిండుగా, ఎరుపూ నీలం సగంగా కనిపిస్తాయి. తెలుపు కాస్తా లేత ఆకుపచ్చ అవుతుంది. నలుపులో వెలుగు 16కి పడిపోతుంది, మిగతా రెండూ 128 దగ్గరే ఉంటాయి. ఎరుపూ నీలం కలిసి వంకాయ రంగు. తికమక తిరగబడితే రంగులూ తిరగబడతాయి: నలుపు ఆకుపచ్చగా, తెలుపు గులాబీగా మారుతుంది.

కాబట్టి నలుపుకే రంగొచ్చి, బొమ్మ స్పష్టంగా ఉంటే మొదట అనుమానించాల్సింది ఈ తికమకనే. నలుపు నల్లగానే ఉండి తెలుపు మాత్రం గులాబీ అయితే దారి వేరు. పాత కంప్యూటర్ల వీజీఏ కేబుల్లో మూడు రంగులకీ మూడు తీగలుంటాయి. ఆకుపచ్చ తీగ పిన్ను వంగితే ఎరుపూ నీలమే మిగిలి తెరంతా గులాబీ అవుతుంది. అక్కడ తప్పు సాధారణంగా కేబుల్‌దో, ప్లగ్గుదో.

హెచ్‌డీఎంఐలో బొమ్మ అంకెలుగా వస్తుంది. అందుకే కేబుల్ పాడైతే మామూలుగా చుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా పూర్తిగా పోతుంది. అయితే తాను ఏ పద్ధతి చదవగలదో టీవీ బాక్సుకి చెప్పుకునే తీగలూ అందులోనే ఉంటాయి. వాటి కాంటాక్టు సరిగ్గా లేకపోతే ఆ మాట బాక్సుకి చేరదు, తికమక అక్కడ మొదలవ్వచ్చు.

రెండిటి ప్లగ్గులూ తీసి, రెండు నిమిషాలాగి ముందు టీవీ, తర్వాత బాక్స్ ఆన్ చేశాను. రంగులు సరయ్యాయి. రాత్రి సీరియల్ వేళకి మళ్లీ అదే వంకాయ రంగు. అప్పుడు బాక్సూ, టీవీలోని సాకెట్టూ మార్చకుండా కేబుల్ ఒక్కటే మార్చాను. రెండ్రోజులు సరిగ్గా నడిచింది. మూడోరోజు కావాలనే పాత కేబుల్ పెట్టాను, గంటలో వంకాయ రంగు తిరిగొచ్చింది. ఇలా తిరిగి పెట్టి చూస్తేనే నమ్మకం కుదురుతుంది. లేదంటే ప్లగ్గు తీసి పెట్టినందుకే తాత్కాలికంగా బాగై, కొత్త కేబుల్ ఘనతగా కనబడొచ్చు. కేబుల్ మార్చినా పోకపోతే ఆ బాక్సునే కొత్త కేబుల్‌తో పక్కింటి టీవీకి తగిలించి చూడాలి. రంగు అక్కడికీ వెళ్తే తప్పు బాక్సుదే. అక్కడ బాగుంటే మన టీవీలో ఇంకో సాకెట్టు ప్రయత్నించాలి.

మెనూతో సహా, అన్ని సాకెట్లలోనూ, పెన్‌డ్రైవ్‌లోనూ అదే రంగుంటే మాత్రం తప్పు టీవీ లోపలిదే. ప్యానెల్ కావచ్చు, దానికి బొమ్మనందించే బోర్డో, వాటి మధ్యనున్న పట్టీ కేబులో కావచ్చు. ఆ పట్టీ వదులైనా ఇలాగే అవుతుంది. అందుకే ప్యానెల్ పోయిందన్నా ముందు ఆ పట్టీ తీసి పెట్టించాలి. ఆ పని మనం చేయకూడదు. ప్లగ్గు తీశాక కూడా పవర్ బోర్డులో కొంతసేపు ప్రమాదకరమైన చార్జి నిలిచి ఉంటుంది.

"అయితే ప్యానెల్ పోలేదంటావా?" అంది పిన్ని. సీరియల్లో అత్తగారి జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది.