అమ్మమ్మ మెడ మీద స్కేలు

అమ్మమ్మకి కాళ్లు వాస్తే డాక్టరమ్మ మెడ చూశారు! 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి, తల కాస్త ఎడమకి తిప్పించారు. కుడివైపు ఏదో అల్లాడుతోంది. నాడేమో అనుకున్నా.

"వేలు పెట్టి చూడమ్మా" అన్నారు. ఏమీ తగల్లేదు. ధమని అయితే వేలిని కొడుతుందట. సిర ఒక్కో గుండె చప్పుడుకి రెండుసార్లు కదులుతుంది, కంటికే తెలుస్తుంది.

ఆ సిర నేరుగా గుండె కుడి కర్ణికవైపు దిగుతుంది. అక్కడ ఒత్తిడి పెరిగితే రక్తం మట్టం గొట్టంలో నీళ్లలా మెడలోకి లేస్తుంది. రొమ్ము ఎముక మీద చేతికి తగిలే గుబ్బ నుంచి అల్లాట పై అంచు దాకా నిలువుగా స్కేలు పెడితే 7 సెంటీమీటర్లు. మామూలుగా 3, 4 దాటదు. కర్ణిక గుబ్బకి 5 కింద ఉంటుందని లెక్క, మొత్తం 12.

వాపొక్కటే అయితే కిడ్నీ వల్ల కూడా రావచ్చు. సిర కూడా నిండిందంటే, గుండె కుడి భాగం వచ్చిన రక్తాన్ని ముందుకి తోయలేకపోతోందేమోనని అనుమానం. ఎందుకన్నది మెడ చెప్పదు. ఎకోకి రాశారు.