రిటైర్మెంట్ లెక్కలో మూడు అంకెలు

2004కు ముందు చేరి, 33 ఏళ్లు పూర్తిచేసి, 60 ఏట రిటైరవుతున్న కేంద్ర ప్రభుత్వ గుమస్తాను ఊహించుకోండి. చివరి మూలవేతనం 50,500. డీఏ 50 శాతం ఉంటే రెండూ కలిపి 75,750.

గ్రాట్యుటీ అంటే దీనికి పదహారున్నర రెట్లు: 12,49,875. వాడని ఆర్జిత సెలవులు 240 రోజులుంటే, అంటే ఎనిమిది నెలలు, 6,06,000 వస్తుంది. ఈ రెండూ సర్వీసుకు ప్రతిఫలం, తిరిగి కట్టనక్కర్లేదు.

మూడోదైన కమ్యుటేషన్ అలా కాదు. అది మీ పింఛన్‌లోంచే ముందుగా తీసుకునే డబ్బు. పింఛన్ 25,250. అందులో గరిష్ఠంగా 40 శాతం, అంటే 10,100 వదులుకోవచ్చు. దాన్ని 12తో, ఆపై 8.194తో గుణిస్తే 9,93,113 చేతికొస్తుంది. బదులుగా పదిహేనేళ్లపాటు నెలకు 10,100 తగ్గుతుంది. ఆ తర్వాత పూర్తి పింఛన్ మళ్లీ మొదలవుతుంది.

అయితే డీఏ మాత్రం తగ్గిన 15,150 మీద కాక, మొత్తం 25,250 మీదే లెక్కించాలి. అంటే 12,625 రావాలి. బ్యాంకు పాసుపుస్తకంలో డీఏ 7,575 అని కనిపిస్తే లెక్క తప్పినట్టే. వెంటనే పింఛన్ ఉత్తర్వు చూపించి సరిచేయించుకోండి.